ఆసుపత్రి బోర్డులో "మాత్రమే" ఎక్కడ ఉండాలి?

సుజాత: అందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, కాన్పుల వార్డులో స్టాఫ్ నర్సుని. మా వార్డు తలుపు మీద ఉన్న బోర్డు ఇది:

"సందర్శకుల వేళలు సా. 4 నుండి 6 గంటల వరకు మాత్రమే రోగి వెంట ఒక సహాయకుడు అనుమతించబడును. అతిక్రమించిన వారిపై కఠిన చర్యలు తీసుకోబడును."

పోయిన వారం ఆపరేషన్ అయిన ఒక అమ్మాయి వాళ్ల అమ్మ ఇది చదివి, ఆరింటికి తనంతట తనే బయటికి వెళ్లిపోయింది. తెల్లారేదాకా మెట్ల మీదే కూర్చుంది. లోపల కూతురికి పచ్చి కుట్లు. బిడ్డ ఏడిస్తే లేచి ఎత్తుకోలేదు. ఆమె ఇంటికి వెళ్లిందేమో అని మేం అనుకున్నాం. అదే రాత్రి పక్క మంచం దగ్గర మాత్రం ఐదుగురున్నారు. బోర్డు తిరగరాయమని మా సూపరింటెండెంట్ గారు నాకే అప్పగించారు. "మెత్తగా రాస్తే ఎవరూ వినరు, అది మాత్రం చూసుకో" అన్నారు. సాయం చేయండి.

రామ్మోహన్: సుజాత గారూ, నేను రిటైరైన తెలుగు మాస్టారిని. ఆ తల్లి తప్పు చదవలేదమ్మా. బోర్డులో ఉన్నదే చదివింది. "మాత్రమే" తన ముందున్న మాటను పట్టుకుంటుంది. ఇక్కడ ముందున్నది "6 గంటల వరకు". మీరు గట్టిగా చెప్పదలుచుకున్నది "ఒక్కరు" అని. ఆ మాటకేమో ఏ బలమూ లేదు. "ఒక సహాయకుడు" అంటే ఎవరో ఒక సహాయకుడు అనే తోస్తుంది. "ఒక్కరే" అనండి, "మాత్రమే" అవసరమే ఉండదు. ఇంకో సంగతి, ఇందులో రెండు రకాల మనుషులున్నారు. చూసి వెళ్లేవాళ్లు, దగ్గర ఉండేవాళ్లు. ఇద్దరినీ ఒకే వాక్యంలో కుక్కారు. ముందు విడదీయండి.

శ్రీకాంత్: అసలు తప్పంతా "బడు"లోనే ఉంది. అది ఇంగ్లీషు నుంచి వచ్చింది, తెలుగే కాదు. అది తీసేసి ప్రతి లైనులో "దయచేసి" పెట్టండి, దయ దానంతట అదే వస్తుంది.

రామ్మోహన్: కనబడింది, వినబడింది అని రోజూ అంటాం కదా శ్రీకాంత్, బడు మనదే. కానీ నువ్వు వేలు పెట్టిన చోటు సరైనదే. "అనుమతించబడును" అంటే ఎవరు అనుమతిస్తారో కనిపించదు. చదివినవాళ్లకు ఎవరిని అడగాలో తెలియదు. సుజాత గారూ, మీ దగ్గర అనుమతి ఇచ్చేది ఎవరు?

సుజాత: డ్యూటీలో ఉన్న సిస్టరే పాస్ ఇస్తుంది మాస్టారూ. "దయచేసి" మాత్రం ప్రతి లైనులో వద్దు. మేల్ వార్డులో అలాగే రాశారు. "దయచేసి అనే కదా రాశారు, ఈ ఒక్కసారికి వదలండి" అని గేటు దగ్గర బతిమాలుతుంటారు. నిజంగా బతిమాలుకోవాల్సిన చోట ఒక్కసారి చాలు.

అంజయ్య: నేను నాలుగేళ్లు ఒక ఆసుపత్రి గేటు దగ్గర సెక్యూరిటీ చేశాను. "కఠిన చర్యలు" అని ఉంటే జనం నన్నే అడిగేవారు, ఏం చర్య తీసుకుంటావో తీసుకో అని. నేను ఆపడం తప్ప ఏం చేయగలను? ఏం జరుగుతుందో అదే రాయండి. పాస్ లేకపోతే లోపలికి పంపరు, అంతే. ఇబ్బంది ఉంటే ఎవరికి చెప్పాలో కూడా రాయండి మేడమ్. గేటు దగ్గరి మనిషి చేతిలో ఏమీ లేదని బోర్డే చెబితే తిట్లు సగం తగ్గుతాయి.

పద్మ: రెండు గంటలు ఏం సరిపోతాయండీ? మా నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు నేను రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి పొద్దున ఏడింటికి దిగాను. సాయంత్రం నాలుగు దాకా కిటికీలోంచి కూడా చూడనివ్వలేదు. వేళలు పెంచమని మీ సార్‌ను అడగండి.

సుజాత: వేళలు మార్చడం నా చేతిలో లేదు పద్మ గారూ. పొద్దున పూట డాక్టర్ల రౌండ్లు, డ్రెస్సింగులు ఉంటాయి. కానీ మీరు చెప్పింది బోర్డులో ఉండాల్సిన మాటే. దూరం నుంచి వచ్చినవాళ్లను సిస్టర్ ఐదు నిమిషాలు చూడనిస్తుంది, అది ఇప్పుడూ జరుగుతోంది. ఎక్కడా రాసి లేదు కాబట్టి అడగొచ్చని తెలిసినవాళ్లకే దొరుకుతోంది.

శ్రీకాంత్: "సందర్శకులు" అంటే మ్యూజియానికి వచ్చినట్టుంది. "పరామర్శ వేళలు" బాగుంటుందా?

పద్మ: వద్దండీ! మావైపు చావు ఇంటికి వెళ్లడాన్నే పరామర్శకు వెళ్లడం అంటారు. కాన్పుల వార్డు తలుపు మీద ఆ మాట చూస్తే గుండె గుభేలుమంటుంది.

రామ్మోహన్: జబ్బు మనిషిని పలకరించడానికీ ఆ మాట వాడతాం, కానీ పద్మ గారి మాట నిజం, ఇక్కడ వద్దు. "చూడటానికి వచ్చేవారు" చాలు. "రోగి" కూడా తీసేయండమ్మా. బాలింత రోగి ఎలా అవుతుంది? "సహాయకుడు" మగవాడికి చెప్పే మాట, మీ వార్డులో రాత్రి ఉండేది ఆడవాళ్లు. "తోడు" అనండి, ఆడామగా ఇద్దరికీ సరిపోతుంది.

అంజయ్య: పాస్ మీద అటెండెంట్ అని అచ్చేసి ఉంటుంది కదా, ఆ మాట కూడా ఎక్కడో ఒకచోట ఉండాలి. మా దగ్గర అయితే "అటెండర్" అనేవారు.

సుజాత: అందరి మాటలూ కలిపి ఇలా రాశాను:

"కాన్పుకు వచ్చిన తల్లికి తోడుగా రాత్రీ పగలూ ఒకరు ఉండవచ్చు. ఒక్కరికే పాస్ ఇస్తాం. రాత్రి ఆడవారే ఉండాలి.

మనిషి మారేటప్పుడు, లోపల ఉన్నవారు బయటికి వచ్చి అటెండెంట్ పాస్ ఇచ్చాకే రెండోవారు లోపలికి వెళ్లాలి. పాస్ లేనివారిని పంపరు.

చూడటానికి వచ్చేవారు సాయంత్రం 4 నుంచి 6 వరకు రావచ్చు. మంచం దగ్గరికి ఒకసారి ఇద్దరే వెళ్లాలి.

తల్లికి నిద్ర కావాలి. పసిబిడ్డకు జబ్బులు తొందరగా అంటుకుంటాయి. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవారు బిడ్డ దగ్గరికి రావద్దు. దయచేసి మెల్లగా మాట్లాడండి.

దూరం నుంచి వచ్చేసరికి వేళ దాటిపోయినా, ఇంకేదైనా కష్టం ఉన్నా డ్యూటీ సిస్టర్‌కు చెప్పండి. గేటు దగ్గరి సిబ్బందికి వేళలు మార్చే అధికారం లేదు."

రామ్మోహన్: మొదటి వాక్యం "ఉండవచ్చు"తో ముగియడం నాకు నచ్చింది. ఆ తల్లి మొదట చూడాల్సింది అదే. "ఒక్కరికే పాస్ ఇస్తాం" అనడంతో ఇచ్చేవాళ్లు కూడా కనిపిస్తున్నారు. "రావద్దు" ఉంచండి. "రాకండి" అంటే ఎదుటి మనిషిని పట్టుకుని అన్నట్టుంటుంది, "వద్దు" అందరికీ ఒకటే.

శ్రీకాంత్: నాకు మాత్రం "రాకండి"లోనే మర్యాద ఎక్కువ వినిపిస్తోంది మాస్టారూ. అందులో "అండి" ఉంది కదా.

అంజయ్య: చదువు రానివాళ్లు చాలామంది వస్తారు మేడమ్. పాస్ చేతికిచ్చేటప్పుడు మొదటి రెండు ముక్కలు నోటితో కూడా చెప్పండి.

పద్మ: ఒక్క మాట. "రాత్రి ఆడవారే" అన్నారు. అమ్మా అత్తా ఎవరూ లేక, భర్త ఒక్కడే ఉన్న అమ్మాయి ఏం చేయాలి?

సుజాత: అలాంటివాళ్లు వస్తూనే ఉంటారు. భర్తను వరండాలో కూర్చోబెట్టి, మందులకు, రిపోర్టులకు పిలుస్తాం. రాత్రి బిడ్డను మేమే ఎక్కువసార్లు చూసుకుంటాం. దీన్ని బోర్డులో ఎలా రాయాలో తెలియడం లేదు. "ఆడతోడు లేనివారు ముందే చెప్పండి" అని రాసి కొట్టేశాను. పది మంది చూసేచోట ఆ లైను చదువుతూ ఆ అమ్మాయి తలదించుకుంటుందేమో అనిపించింది.

రామ్మోహన్: "లేనివారు" అన్న మాటే గుచ్చుతోందమ్మా. "రాత్రి తోడు కుదరకపోతే సిస్టర్‌కు చెప్పండి, మేం చూసుకుంటాం" అంటే?

సుజాత: "కుదరకపోతే" బాగుంది మాస్టారూ. కానీ రాత్రి ముప్పై మంచాలకు ఇద్దరమే ఉంటాం. "మేం చూసుకుంటాం" అని రాసి చూసుకోలేకపోతే? ఆ ముక్క రాసే ముందు రాత్రి డ్యూటీ వాళ్లను అడగాలి.