లవం సున్నా అయిన ప్రతి చోటా అడ్డంగా స్పర్శరేఖ ఉన్నట్టేనా?

ఇంటర్_కుర్రాడు: f(x) = x³/(x−1)². క్వోషెంట్ రూల్ వేస్తే లవం x²(x−1)(x−3) వచ్చింది. మూలాలు 0, 1, 3. ట్యూషన్ సార్ మూడూ రాయమన్నారు. ఫ్రెండేమో 3 ఒక్కటే అంటున్నాడు. x-అక్షానికి సమాంతరంగా ఉండే స్పర్శరేఖలు అసలు ఎన్ని?

కృష్ణా_తీరం: మీ ఫ్రెండ్ చెప్పిందే కరెక్ట్. 1 దగ్గర హారం సున్నా అవుతుంది, కాబట్టి అది పోయింది. 0 దగ్గర వాలు సున్నాయే గానీ అక్కడ గరిష్ఠమూ లేదు, కనిష్ఠమూ లేదు. వక్రం ఆ గీతను దాటి అవతలికి పోతోంది. స్పర్శరేఖ అన్నాక తాకాలి గానీ కోయకూడదు కదా.

చాక్‌పీస్_మాస్టారు: 1 గురించి మీరన్నది నిజమే. 0 విషయంలో మాత్రం ఒప్పుకోను. కోయకూడదన్న నియమం వృత్తానికి సరిపోతుంది, అన్ని వక్రాలకూ కాదు. ఇక్కడ చూడాల్సింది వాలు ఒక్కటే. x = 0.1 దగ్గర f సుమారు 0.0012, x = −0.1 దగ్గర సుమారు −0.0008. అంటే వక్రం x-అక్షానికి దాదాపు అంటుకుని పాకుతూ కింది నుంచి పైకి దాటుతోంది. y = 0 అక్కడ స్పర్శరేఖే. ప్రశ్న గరిష్ఠ కనిష్ఠాలు అడిగి ఉంటే 0ని వదిలేయాలి. అడిగింది స్పర్శరేఖలు కాబట్టి ఉంచాలి. 3 దగ్గర f విలువ 27/4. కాబట్టి జవాబు రెండు: y = 0, y = 27/4.

బాబూ, ఆ 1 ఎందుకు వచ్చిందో కూడా చూడు, ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే. హారంలో (x−1) రెండుసార్లు ఉంది. దాన్ని అవకలనం చేసినా ఒక (x−1) మిగులుతుంది. అందుకని క్వోషెంట్ రూల్ లవంలో రెండు పదాల్లోనూ (x−1) ఉంటుంది, బయటికి తీయక తప్పదు. అవకలజం హారంలో (x−1)⁴ ఉంది కాబట్టి కొట్టేస్తే x²(x−3)/(x−1)³ మిగులుతుంది. ఇందులో x = 1.01 వేసి చూడు: వాలు దాదాపు మైనస్ 20 లక్షలు! గీత అడ్డంగా ఉండడం అటుంచు, వక్రం నిట్టనిలువుగా దిగుతోంది.

సుజాత_విశాఖ: మాస్టారూ, మా అమ్మాయికి x²/(x²+1) ఇచ్చారు. x పెరిగేకొద్దీ వక్రం y = 1 పక్కన అడ్డంగా అయిపోతుంది. మరి దాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి కదండీ?

చాక్‌పీస్_మాస్టారు: అది అనంతస్పర్శరేఖ అమ్మా. ఇక్కడ అడిగింది అది కాదు. మీ లెక్కలో లవం 2x అవుతుంది, దాని మూలం 0 ఒక్కటే. వక్రం y = 1ని ఎక్కడా తాకదు. స్పర్శరేఖ అనాలంటే వక్రం మీద ఒక బిందువు చూపించాలి.

శ్రావణి_ఎంపీసీ: అయితే ముందే f(x)లో ఉమ్మడి కారణాంకాలు కొట్టేసి, ఆ తర్వాతే అవకలనం చేయాలని పిల్లలకు చెప్తే సరిపోదా? (x−1)²/(x²−1) తీసుకోండి. అలాగే క్వోషెంట్ రూల్ వేస్తే లవం 2(x−1)², అంటే x = 1 వచ్చేస్తుంది. ముందే కొట్టేస్తే (x−1)/(x+1), లవం 2, మూలాలే లేవు. అసలు టెన్షనే ఉండదు.

చాక్‌పీస్_మాస్టారు: ఆ ఉదాహరణలో బాగానే పనిచేసింది. కానీ ఈ కుర్రాడి ప్రమేయాన్నే పైనా కిందా (x−3)తో గుణించి ఇచ్చారనుకోండి. మీ పద్ధతిలో (x−3) కొట్టేస్తే పాత లెక్కే మిగిలి, x = 3, y = 27/4 అని జవాబు వస్తుంది. ఇచ్చిన ప్రమేయానికి 3 దగ్గర విలువే లేదు. అక్కడ వక్రంలో ఒక చుక్క ఖాళీ. అందుకే ప్రదేశం ముందు రాయాలి, కొట్టివేతలు తర్వాత.

శ్రావణి_ఎంపీసీ: ఖాళీ ఒక్క చుక్కే కదా మాస్టారూ. రెండు వైపుల నుంచీ వాలు సున్నాకే వస్తోంది. గ్రాఫ్ గీస్తే ఎవరైనా అక్కడ అడ్డగీతే చూస్తారు. ఆ గీత లేదనడం నాకు నచ్చలేదు.

చాక్‌పీస్_మాస్టారు: చూడ్డానికి ఉంటుంది. నిర్వచనం ప్రకారం లేదు. f(3) లేనప్పుడు f′(3) ఎక్కడిది?

కృష్ణా_తీరం: 0 విషయం సరే, ఒప్పుకున్నాను. ఈ ఖాళీ చుక్క దగ్గర మాత్రం నేను శ్రావణి గారి వైపే. ఆ చుక్క నింపితే సహజంగా వచ్చే ప్రమేయానికి అది స్పర్శరేఖే.

చాక్‌పీస్_మాస్టారు: నింపితే వచ్చేది వేరే ప్రమేయం అండి. ప్రశ్నలో ఇచ్చింది నింపనిది.

ఇంటర్_కుర్రాడు: సార్, నా లెక్కలో (x−3) కొట్టివేత లేదు కాబట్టి y = 0, y = 27/4 రాస్తున్నాను. పక్కనే "x = 1 వద్ద f నిర్వచితం కాదు" అని కూడా రాయాలా?

చాక్‌పీస్_మాస్టారు: తప్పకుండా రాయి. అది లేకపోతే 1ని ఎందుకు వదిలేశావో దిద్దేవాళ్లకు తెలియదు.