అందంగా ఉన్నావంటే సంతోషం రాకపోగా ఇబ్బందిగా ఉంటుంది, మీకూ అంతేనా?

నీలిమేఘం:
మొన్న జ్వరం వచ్చి బాగా చిక్కిపోయాను. తగ్గాక ఆఫీసుకి వెళ్తే ఒకావిడ అందరి ముందూ "అబ్బ ఎంత సన్నబడ్డావో, ఇప్పుడు చూడముచ్చటగా ఉన్నావ్, ఏం చేశావేంటి" అంది. ఆవిడది మంచి మనసే, కానీ అందరూ తలెత్తి నన్ను పైనుంచి కిందిదాకా చూశారు, ఏమనాలో తెలీక "అబ్బే అదేం లేదండీ" అని సీట్లో కూచున్నా, ఇంక ఆ రోజంతా పని మీద కాకుండా నా ఒంటి మీదే ధ్యాస. ఎందుకిలా?

సూటిమాట:
థాంక్స్ అనేస్తే అయిపోయేదిగా. అదేం లేదు అన్నామంటే వాళ్ళు "కాదు నిజంగానే" అని మళ్ళీ మొదలెడతారు.

పాతకాగితం:
థాంక్స్ మంచిదే గానీ అది అంత తేలిగ్గా ఎందుకు రాదో కూడా చూడాలి కదా. 1978లో అనిటా పొమరాంట్జ్ అనే పరిశోధకురాలు మామూలు జనం మాటలు పరిశీలించి దీని గురించి రాశారు. ఒప్పుకుంటే సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుంది, కాదంటే ఎదుటివాళ్ళ మాట తీసేసినట్టు ఉంటుంది. అందుకే మనం కాస్త తగ్గించి చెప్తాం, లేదా వెంటనే తిరిగి వాళ్ళని పొగుడుతాం. నీలిమేఘం గారి విషయంలో ఇంకో మూడు కలిశాయి: అందరూ వింటున్నారు, ముందు బాగాలేదన్న పోలిక దాగుంది, పైగా ఏం చేశావని సంజాయిషీ అడిగారు. రోజంతా ఒంటి మీద ధ్యాస అన్నారే, మనల్ని మనం బయటివాళ్ళ కళ్ళతో చూసుకోవడం మొదలైతే అలాగే ఉంటుంది, పనికి కావాల్సిన ఏకాగ్రత అటు పోతుంది.

ఒంటరిబాటసారి:
నా గోల వేరే, మగాళ్ళకి ఇలాంటివి ఎవరూ చెప్పరు. ఎప్పుడో ఒకాయన "ఈ కళ్ళజోడు ఫ్రేమ్ నీకు బాగా నప్పింది" అనేసి తన పనిలో పడిపోయాడు, అదే ఫ్రేమ్ మళ్ళీ కొనుక్కున్నా.

పాతకాగితం:
చూడండి, ఆయన పొగిడింది మీరు ఎంచుకున్నదాన్ని, ఒక్క వాక్యంలో, జవాబు కోసం ఆగలేదు. చెప్పేవాళ్ళు అలా చెప్తే చాలు. బరువు జోలికి మాత్రం వెళ్ళొద్దు, జబ్బో బెంగో మనకి తెలీదు. అవతలివాళ్ళు ముడుచుకుపోతే మళ్ళీ నొక్కి చెప్పకండి.

గోరింటాకు:
అదే ఫ్రేమ్ మాట నేను ఒంటరిగా ఉన్నప్పుడు మేనేజర్ రోజూ అంటుంటే నాకైతే వెన్ను జలదరిస్తుంది. ఏమన్నారని కాదు, ఎవరు, ఎన్నిసార్లు అన్నది కూడా చూడాలి. అలాంటివాళ్ళకి థాంక్స్ కూడా చెప్పక్కర్లేదు, ఫైల్ తెరిచి పని మాట మాట్లాడ్డమే.

నీలిమేఘం:
ఈసారి ఆవిడ అంటే "థాంక్సండీ, జ్వరమొచ్చి తగ్గాను, ఇంకా నీరసంగానే ఉంది" అందామనుకుంటున్నా.

సూటిమాట:
జ్వరం సంగతి అందరికీ ఎందుకు, థాంక్స్ చాలు.

గోరింటాకు:
చెప్తేనే ఆవిడ ఇంకొకరి దగ్గర ఆ మాట అనదు. నేనైతే చెప్తా, కాకపోతే ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు.