అప్‌డేట్: గొంతు నొప్పి అనుకున్నది జ్ఞానదంతం

నేను అడిగింది: “ఎడమవైపే గొంతు నొప్పి, మింగితే చెవిలోకి పోటు. జలుబు, దగ్గు లేవు. ఏమై ఉంటుంది?”

విజయనగరంలో చెవి-ముక్కు-గొంతు డాక్టర్‌కి చూపించాను. టాన్సిల్స్ మామూలుగానే ఉన్నాయి. కానీ నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోకపోవడం చూసి, “పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లమ్మా” అన్నారు.

కింది దవడ చివర జ్ఞానదంతం సగమే మొలిచి, దాని మీద చిగురు మడతలా కప్పేసి ఉంది. అందులో తిండి ఇరుక్కుని చీము పట్టింది. పళ్ల డాక్టర్ వేలితో నొక్కగానే చేదుగా, కంపుగా ఏదో నోట్లోకి వచ్చింది. పొద్దున్నే నోట్లో ఉండే ఆ రుచి పైత్యం అనుకునేదాన్ని! ఆ పన్ను వెనకే గొంతు కాబట్టి వాపు అటు పాకి మింగేటప్పుడు నొప్పి వస్తుందట. దవడ కండరాలు బిగుసుకుంటే నోరు తెరుచుకోదు.

సిరంజితో సెలైన్ కొట్టి మడత కింద కడిగారు, యాంటీబయాటిక్స్ రాశారు. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నాను. ఇప్పుడు ఇడ్లీ హాయిగా దిగుతోంది. ఎక్స్‌రేలో ఆ జ్ఞానదంతం దాని ముందున్న పన్ను మీదికి వాలి ఉంది, మళ్లీ చీము పడుతుంది కాబట్టి వాపు తగ్గాక తీసేస్తారు.

గడ్డం కింద వాపు గట్టిపడినా, ఉమ్మి మింగలేకపోయినా, ఊపిరి ఇబ్బందైనా రాత్రయినా సరే పెద్దాసుపత్రికి వెళ్లిపొమ్మన్నారు.