కొత్త ఉద్యోగం పోస్టులో సాయం చేసినవాళ్ల పేర్లు రాయాలా, వద్దా?

గాజువాక అమ్మాయి: రుషికొండలో ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది. సోమవారం జాయినింగ్. లింక్డ్‌ఇన్‌లో చెప్పాలనుంది, కానీ గొప్పలు పోయినట్టు ఉండకూడదు. సాయం చేసినవాళ్లు ముగ్గురు: ద్వారకానగర్ లైబ్రరీలో ఎస్‌క్యూఎల్ నేర్పిన అక్క, కంపెనీలో నన్ను రిఫర్ చేసిన కాలేజీ సీనియర్, ఇంటర్వ్యూలకి సెలవులిచ్చిన పాత టీమ్ లీడ్. ముగ్గురినీ ట్యాగ్ చేయాలా? అమ్మ మాత్రం అసలు పెట్టొద్దు, దిష్టి తగుల్తుంది అంటోంది.

సాగర తీరం: ముగ్గుర్నీ ట్యాగ్ చెయ్యి. వాళ్లు కామెంట్ పెడితే వాళ్ల పరిచయస్తులకీ పోస్టు కనబడుతుంది. అడక్కుండా పేరు చెప్తే ఎవరు కాదంటారు?

ఎంవీపీ మాస్టారు: మా అబ్బాయికి బ్యాంకు ఉద్యోగం వచ్చినప్పుడు బంధువులందరికీ ఫోన్లు చేసి, స్వీట్లు పంచాం. పెద్దవాళ్లకి చెప్పడానికి అదే మర్యాద. ఫోన్లో పెడితే ఎవరు చూస్తారమ్మా?

గాజువాక అమ్మాయి: బంధువులకి చెప్పేశాం మాస్టారూ. ఇది కలిసి పనిచేసినవాళ్లకి చెప్పడం గురించి.

మధురవాడ హెచ్‌ఆర్: ట్యాగ్ చేస్తే వాళ్ల పరిచయస్తులకి కనబడే అవకాశం పెరుగుతుందన్నది నిజమే. ఆ కారణంగానే ముగ్గురి విషయం ఒకటి కాదు. నేర్పిన అక్క పేరు రాయొచ్చు, ముందు ఒక మాట అడిగి. రిఫర్ చేసిన సీనియర్ని రిఫరల్ కోసం బహిరంగంగా ట్యాగ్ చేస్తే, మర్నాటి నుంచి ముక్కూ మొహం తెలియనివాళ్లు అతనికి రెజ్యూమెలు పంపుతారు. పైగా చదివేవాళ్లకి నీ ఇంటర్వ్యూ కంటే పరిచయమే పని చేసిందనిపిస్తుంది. టీమ్ లీడ్ సంగతి ఇంకా సున్నితం. ఇంటర్వ్యూలకి సెలవులిచ్చాడని రాస్తే, టీమ్‌లోంచి మనిషి వెళ్లిపోవడానికి లీడే దారి చూపాడని అతని మేనేజర్ అనుకోవచ్చు. అతను అక్కడే ఉద్యోగం చేసుకోవాలి కదా. ఈ ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పు.

పోస్టు జాయినయ్యాకే పెట్టు. ఆఫర్ లెటర్ వచ్చాక కూడా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో జాయినింగ్ తేదీలు వెనక్కి జరగడం మామూలే. ఐడీ కార్డు, ఆఫర్ లెటర్ ఫొటోలు వద్దు. ప్రొఫైల్‌లో ఉద్యోగం మార్చేటప్పుడు `Notify network` ఆఫ్ చేసుకో. ఆన్‌లో ఉంటే అది విడిగా ప్రకటించేస్తుంది, నీ థాంక్స్ లేకుండా.

సీతమ్మధార శ్రీను: అయితే "నా ప్రయాణంలో తోడున్న అందరికీ కృతజ్ఞతలు" అని రాస్తే సరిపోదా గురూ? ఎవరికీ ఇబ్బంది లేదు.

మధురవాడ హెచ్‌ఆర్: ఇబ్బంది లేదు గానీ, అక్కకి తన గురించేనని ఎలా తెలుస్తుంది? గొప్ప అనిపించేది ఉద్యోగం వచ్చిందని చెప్పడం కాదు, ఆ తర్వాత వాక్యాలన్నీ తన కష్టం మీదే నడవడం. అక్క చేసిన పని రాయి. ఫోన్లో పోస్టు మొదటి రెండు మూడు లైన్లే కనబడతాయి, అందుకని ఆవిడ పేరు పైకే రావాలి. నువ్వు పర్సనల్ మెసేజ్‌లో చెప్పిన వివరాలతో, పేర్ల చోట ఖాళీలు వదిలి ఇలా రాశాను:

"ఈ సోమవారం ____ కంపెనీలో టెస్ట్ ఇంజనీర్‌గా చేరాను. ఎస్‌క్యూఎల్‌లో జాయిన్లు రాక నేను ఆగిపోయిన చోట ____ అక్క పట్టుకుంది. క్వెరీ రాసేముందు రెండు టేబుళ్లూ కాగితం మీద గీసి, ఏ వరస దేనితో కలుస్తుందో చూపించమనేది. ఇంటర్వ్యూలో కూడా అలాగే గీసి జవాబు చెప్పాను. థాంక్స్ అక్కా. మాన్యువల్ టెస్టింగ్ నుంచి మారాలనుకునేవాళ్లు జాయిన్ల గురించి నన్ను అడగండి."

సాగర తీరం: బావుంది. కానీ "ఆగిపోయాను" అని కష్టం చెప్పుకోవడం కూడా ఒకరకం గొప్పే కదా?

మధురవాడ హెచ్‌ఆర్: నెలల తరబడి కష్టాల చిట్టా విప్పితే అవును. ఇక్కడ ఆ మాట లేకపోతే అక్క ఏం చేసిందో అర్థం కాదు.

సీతమ్మధార శ్రీను: నాకైతే అది కూడా అక్కర్లేదనిపిస్తోంది. కొత్త మేనేజర్ చదువుతాడు, జాయిన్లు రావని ఎందుకు చెప్పుకోవాలి?

మధురవాడ హెచ్‌ఆర్: ఇంటర్వ్యూలో చూసే తీసుకున్నాడు కదా. అయినా అమ్మాయికి సంకోచంగా ఉంటే ఆ ముక్క తీసేయొచ్చు.

గాజువాక అమ్మాయి: అక్కని అడిగాను. పేరు రాయి, ట్యాగ్ మాత్రం వద్దంది. టీమ్ లీడ్‌కి ఫోన్ చేశాను, చాలా సంతోషించారు. సీనియర్ మాత్రం తన పేరు ఉండాల్సిందే అంటున్నాడు! ఏం చెయ్యను?

మధురవాడ హెచ్‌ఆర్: రిఫరల్ కాకుండా ఇంకేం చేశాడో గుర్తు చేసుకో.

గాజువాక అమ్మాయి: నా రెజ్యూమెలో "టెస్టింగ్ చేశాను" అని ఉంటే, ఏ మాడ్యూల్, ఏ బగ్ అని అడిగి అడిగి మళ్లీ రాయించాడు.

మధురవాడ హెచ్‌ఆర్: అక్క వాక్యం తర్వాత అదే రాయి.