తరవాణి అత్తయ్యకి ఇవ్వొచ్చా? ప్రోబయోటిక్ అంటున్నారు, మరి ఉప్పు, అరుగుదల సంగతి?

ప్రసన్న: మా అత్తయ్యకి 68. బీపీ మాత్ర, పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటారు. అరుగుదల బాగా తక్కువ, కొంచెం తిన్నా ఉబ్బరం. రాత్రి అన్నంలో నీళ్లు పోసి, పొద్దున ఆ పులిసిన నీళ్లు, అదే తరవాణి, ఉప్పేసుకుని తాగితే ప్రోబయోటిక్ అని వీడియోలో చూశారట. రేపటి నుంచే మొదలుపెడతానంటున్నారు. ఇవ్వొచ్చా?

సత్యం_రైతుబిడ్డ: నిరభ్యంతరంగా ఇవ్వండమ్మా. మా నాన్నగారు 84 ఏళ్ల వరకు పొద్దున చద్దన్నం, తరవాణి తాగే పొలం వెళ్లారు. ఒక్క రాత్రి నానితే అన్నంలో ఐరన్ 3.4 మిల్లీగ్రాముల నుంచి 73.91కి పెరుగుతుందని ఎక్కడ చూసినా రాస్తున్నారు. బి12 కూడా వస్తుంది. డబ్బు పెట్టి కొనే ప్రోబయోటిక్ మాత్రల కంటే ఇదే మేలు.

మూర్తి_ఫుడ్‌మైక్రో: సత్యం గారూ, ఆ 73.91 మీద నాకు చాలా కాలంగా బాధ ఉంది, అందుకే ముందు అదే చెప్తాను. ఐరన్ ఒక మూలకం. గిన్నెలో అన్నం, నీళ్లు తప్ప ఇంకేమీ వెయ్యలేదు. రాత్రికి రాత్రి ఇరవై రెట్లు ఐరన్ ఎక్కడి నుంచి వస్తుంది? ఇనప పాత్రలో పెడితే కొంత దిగుతుంది, అంతే. నిజంగా జరిగేది వేరే. బియ్యంలో ఐరన్‌ను కట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం పులిసేటప్పుడు కొంత విరుగుతుంది కాబట్టి, ఉన్న ఐరనే ఒంటికి కాస్త బాగా పట్టే వీలుంటుంది. బి12 కోసం అయితే దీన్ని నమ్ముకోవద్దు, పెద్దవయసులో అది తగ్గితే నరాలకి ప్రమాదం.

ప్రోబయోటిక్ మాట కూడా అంతే. 2001లో ఎఫ్ఏఓ, డబ్ల్యూహెచ్ఓ నిపుణులు దానికి అర్థం రాశారు: తగినంత మోతాదులో తీసుకుంటే ఆరోగ్యానికి మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు. అంటే ఫలానా జీవి, ఇంత లెక్క, ఈ మేలు అని చూపించాలి. మన తరవాణిలో బతికున్న లాక్టిక్ బ్యాక్టీరియా ఉంటుంది, అందులో సందేహం లేదు. కానీ ఈ రోజు కుండలో ఉన్నది రేపు ఉండదు, మీ ఇంట్లోది మా ఇంట్లో ఉండదు. దాన్ని పులిసిన ఆహారం అనండి, నేనూ ఒప్పుకుంటాను. మందు పేరు పెట్టకండి.

సత్యం_రైతుబిడ్డ: ఐరన్ లెక్క మీరన్నట్టే అయితే ఇకనుంచి ఆ మెసేజ్ పంపను. కానీ ఒక్కటి అడుగుతాను. మా ఇంట్లో తరవాణి కుండ ఎప్పుడూ ఖాళీ చేసేవాళ్లు కాదు. అడుగున పాత కలి, అంటే ముందురోజు పులిసిన నీళ్లు కొంచెం ఉంచి, రోజూ గంజి పోస్తూ, రాత్రి అన్నం అందులో వేసేవాళ్లు. ఎవరికీ వాంతి అయిన గుర్తు లేదు. తరతరాల అనుభవానికి విలువ లేదా?

హరిణి: నేను మూడు రోజులు పులియబెట్టి జుట్టుకి రాస్తున్నాను, కుదుళ్లకి బావుంది. అదే నీళ్లు తాగినా మంచిదేనా అయితే?

మూర్తి_ఫుడ్‌మైక్రో: హరిణి గారూ, అవి పచ్చి బియ్యం కడిగిన నీళ్లు కదా. ఇక్కడ మాట్లాడుతున్నది ఉడికిన అన్నం గురించి. తలకి రాసేది తాగొద్దు, మూడు రోజులు బయట ఉన్నది అసలొద్దు.

సత్యం గారూ, మీ కుండ గురించి మీరన్నదే ఈ చర్చలో అన్నిటికంటే విలువైన మాట. వీడియోలు వదిలేసేది సరిగ్గా దాన్నే. కాసేపట్లో రాస్తాను.

రమణ_డిప్లొమా: నా సంగతి చెప్తాను. హాస్టల్లో ఉన్నప్పుడు మధ్యాహ్నం అన్నం గిన్నెలో మూతపెట్టి అలాగే ఉండిపోయింది. రాత్రి పదింటికి నీళ్లు పోసి పొద్దున మజ్జిగ కలిపి తిన్నాను. వాసన బాగానే ఉంది, రుచి బాగానే ఉంది. రెండు గంటల్లో మొదలయ్యాయి వాంతులు. ఎనిమిదిసార్లు. సెలైన్ పెట్టాల్సొచ్చింది. అన్నం వల్లే అన్నారు డాక్టరు. అప్పటినుంచి చద్దన్నం పేరెత్తితే భయం.

మూర్తి_ఫుడ్‌మైక్రో: రమణ గారి కేసు ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బియ్యంతో పాటే వస్తుంది. అది గట్టి బీజంలా ఉంటుంది కాబట్టి అన్నం ఉడికినా చావదు. అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపూ మొలకెత్తి పెరుగుతుంది, పెరుగుతూ వాంతి తెప్పించే విషం వదులుతుంది. ఆ విషానికి వాసన లేదు, రుచి లేదు, మళ్లీ మరిగించినా పోదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. రమణ గారికి రెండు గంటలకే అయ్యాయి, సరిపోయింది కదా. పొద్దున కలిపిన మజ్జిగ ఆయన్ని కాపాడలేదు, ఎందుకంటే విషం అప్పటికే తయారైపోయింది.

ఇప్పుడు సత్యం గారి కుండ. ఆ బ్యాక్టీరియాకి పులుపు పడదు. పులుపు పెరిగేకొద్దీ పీహెచ్ తగ్గుతుంది, అది 4.5 దాకా దిగితే ఆ బ్యాక్టీరియా పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. పాత కలి ఉన్న కుండలో అన్నం వేసిన క్షణం నుంచే పులుపు ఉంటుంది, లాక్టిక్ బ్యాక్టీరియా లక్షల్లో సిద్ధంగా ఉంటుంది. మామూలు నీళ్లు పోసిన అన్నంలో ఆ పులుపు రావడానికి చాలా గంటలు పడుతుంది. ప్రమాదం ఉన్నది పులిసిన అన్నంలో కాదు, ఇంకా పులవని ఆ గంటల్లో. మీ పెద్దలు ఏ పేరు పెట్టకుండానే ఆ గంటల్ని దాటించేశారు.

ప్రసన్న గారూ, ఒక ప్రశ్న. మీ ఇంట్లో రాత్రి నీళ్లు పోసే అన్నం ఎప్పుడు వండింది?

ప్రసన్న: మధ్యాహ్నం ఒంటిగంటకి కుక్కర్లో. మిగిలింది అందులోనే ఉంటుంది. రాత్రి తొమ్మిదికి నీళ్లు పోద్దామనుకున్నాం. అంటే రమణ గారిలాగే కదా, రాస్తుంటేనే టెన్షన్‌గా ఉంది.

మూర్తి_ఫుడ్‌మైక్రో: అవునమ్మా, ఎనిమిది గంటలు గోరువెచ్చగా ఉన్న అన్నం అది. దానితో చెయ్యకండి. తరవాణి కావాలంటే రాత్రి వండిన అన్నమే తీసుకోండి. ఒక కప్పు అన్నం వెడల్పు పళ్లెంలో పలచగా పరిస్తే అరగంటలో చల్లారుతుంది. కాచి చల్లార్చిన నీళ్లు రెండు కప్పులు, పుల్ల మజ్జిగ పావు కప్పు పోసి, కడిగి ఎండబెట్టిన మట్టి పాత్రలోనో గాజు పాత్రలోనో వేసి మూత పెట్టండి. ఉప్పు వెయ్యొద్దు. ఎండాకాలం ఏడెనిమిది గంటలు, చలికాలం పన్నెండు దాకా. పొద్దునకి శుభ్రమైన మజ్జిగ పులుపు రావాలి. వీలైతే ల్యాబ్ సామాన్లు అమ్మేచోట పీహెచ్ కాగితాలు కొని మొదటి వారం చూసుకోండి. పులుపు రాకపోతే ఇంకాసేపు ఉంచుదాం అనుకోకుండా పారబోయండి. తీగలా సాగినా, గులాబీ, నలుపు, ఆకుపచ్చ మచ్చ కనిపించినా, కుళ్లు వాసన వచ్చినా అంతే. కానీ మళ్లీ చెప్తున్నాను, ఈ గుర్తులు కుళ్లుకే. వాంతి విషం వీటిలో దేనికీ దొరకదు. దాన్ని ఆపేది రాత్రి మీరు చల్లార్చిన తీరు, వేసిన మజ్జిగే.

శైలజ_డైటీషియన్: ఉప్పు గురించి నేను రాస్తాను, బీపీ అన్నారు కాబట్టి. అన్నం నీళ్లలో సోడియం దాదాపు ఉండదు. ఉన్నదంతా మన చేత్తో వేసిందే. పంజాబీ క్యారెట్ కాంజీ వేరు, అందులో ఉప్పునీళ్లలోనే కూర పులుస్తుంది. లీటరుకి 20 గ్రాములు వేస్తే 200 మిల్లీలీటర్ల గ్లాసులో 4 గ్రాములు వచ్చేస్తుంది. తరవాణికి ఆ అవసరమే లేదు.

మీ అత్తయ్య గారి పొద్దున లెక్క వేద్దాం. గ్లాసులో అర టీస్పూను ఉప్పు, దగ్గరదగ్గర 3 గ్రాములు. పక్కన ఒక చెంచాడు ఆవకాయ, అందులో ఇంకో గ్రామున్నర. రెండు చల్ల మిరపకాయలు నంజుకున్నారనుకోండి. డబ్ల్యూహెచ్ఓ రోజంతటికీ 5 గ్రాముల లోపు అంటుంటే, మధ్యాహ్నం పప్పు, కూర మొదలుకాకముందే అయిపోయింది. చిటికెడు ఉప్పు, పచ్చి ఉల్లిపాయకి బదులు కరివేపాకు, అల్లం ముక్క నలిపి ఇవ్వండి. ఉబ్బరం ఉన్నవాళ్లకి పచ్చి ఉల్లి ఇంకా ఉబ్బరం తెస్తుంది. తక్కువ సోడియం ఉప్పు కొనేద్దాం అనుకుంటే ముందు డాక్టర్ని అడగండి. అందులో పొటాషియం ఉంటుంది, కొన్ని బీపీ మాత్రలతో, కిడ్నీ బలహీనంగా ఉంటే అది పెరిగిపోతుంది.

కవిత_ఐబీఎస్: నాకు ఆరేళ్లుగా ఐబీఎస్ అనే పేగుల ఇబ్బంది ఉంది. చద్దన్నం మొదలుపెట్టాక విరేచనం కుదుటపడింది, కానీ గ్యాస్ పెరిగింది. నాకు పనిచేసింది కాబట్టి ఆంటీకి కూడా పనిచేస్తుందనుకుంటా.

శైలజ_డైటీషియన్: కవిత గారూ, మీ రెండు అనుభవాలూ నిజమే కావచ్చు. చల్లారిన అన్నంలో కొంత పిండి చిన్నపేగులో అరగకుండా పెద్దపేగుకి వెళ్తుంది, అక్కడి బ్యాక్టీరియాకి అది తిండి. కొందరికి అది మేలు, కొందరికి అదే గ్యాస్. ఉబ్బరమే ప్రధాన బాధ అయిన మనిషికి మొదటి రోజే పెద్ద గ్లాసు ఇవ్వకూడదు. పావు కప్పు, అన్నం తిన్నాక, మూడు రోజులు చూడండి. పరగడుపున పుల్లటి నీళ్లతో ఛాతీలో మంట వస్తే ఆపేయండి. విరేచనాలు పట్టుకుంటే తరవాణి కాదు, అప్పటికప్పుడు కాచిన వేడి గంజి, ఓఆర్‌ఎస్. తరవాణి, గంజి రెండూ ఒకటే అనుకుని ఇచ్చేవాళ్లని చూస్తూనే ఉంటాను.

మూర్తి_ఫుడ్‌మైక్రో: గ్యాస్ మాత్ర దగ్గర నేను కాస్త కఠినంగా ఉంటాను. కడుపులో ఆమ్లం మనకి కాపలా. మాత్ర ఆ ఆమ్లాన్ని తగ్గిస్తుంది, అందువల్ల వేరే క్రిములు దాటిపోవడం తేలికవుతుంది. కీమో జరుగుతున్నవాళ్లకి, అవయవ మార్పిడి అయినవాళ్లకి ఇంట్లో పులియబెట్టిన పచ్చి ద్రవం నేనైతే వద్దంటాను. ప్రసన్న గారి అత్తయ్యకి అలాంటివి లేవు కాబట్టి వద్దనను, కానీ డాక్టరుకి ఒక మాట చెప్పే మొదలుపెట్టమంటాను.

సత్యం_రైతుబిడ్డ: మాత్రలు వేసుకునే ప్రతి పెద్దావిడకీ డాక్టరు అనుమతి కావాలంటే మన తిండి మనకే పరాయి అయిపోతుంది మూర్తి గారూ. ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. మిగతా అంతా రాసిపెట్టుకున్నాను.

మూర్తి_ఫుడ్‌మైక్రో: ఒప్పుకోనక్కర్లేదండి. మీ కుండలో కలి ఉంది, ఆవిడది కొత్త కుండ. తేడా నాకు అక్కడే కనిపిస్తోంది.

ప్రసన్న: అందరికీ థాంక్స్. కుక్కర్ అన్నం సంగతి అత్తయ్యకి చెప్పాను, "మా అమ్మ కూడా అడుగున కలి ఉంచేది, వీడియోలో ఆ మాటే చెప్పలేదు" అన్నారు. గురువారం బీపీ చూపించడానికి వెళ్తున్నాం, అప్పుడు అడుగుతాను. ఒక సందేహం మిగిలింది. పుల్ల మజ్జిగతో మొదలుపెట్టిన కుండలోని కలిని రోజూ కొంచెం మిగిల్చి వాడుకుంటే, ఎన్ని రోజులకి ఒకసారి కుండ కడిగి మళ్లీ మొదలుపెట్టాలి?

సత్యం_రైతుబిడ్డ: మా అమ్మ వారానికోసారి కుండ కడిగి ఎండకి పెట్టేది, కలి మాత్రం వేరే గిన్నెలో తీసి ఉంచేది.

మూర్తి_ఫుడ్‌మైక్రో: మీ అమ్మగారి పద్ధతే మంచిది. నేనైతే ఫ్రిజ్ ఉన్న ఇంట్లో కలిని ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజులకే కుండ కడిగేయమంటాను.