‘సవ్యసాచి’: ఆటలో పేరుగా పెట్టుకుంటే సరిపోతుందా?

పద్మజ:
ఒక చిన్న కథ రాస్తున్నాను. పదిహేనేళ్ల కార్తీక్ మొదటిసారి ఫ్రీ ఫైర్ మ్యాక్స్ టోర్నమెంటులో ఆడబోతున్నాడు. జట్టులో నలుగురు. సాయంత్రం ఆరింటిలోగా ఫారం నింపాలి, అందులో ఆటలో వాడే పేరు రాయాలి. వాడికేమో BEEBHATSAM అని పెట్టుకోవాలని ఉంది. తాతయ్య రిటైరైన తెలుగు మాస్టారు, విరాటపర్వంలోని అర్జునుడి పది పేర్లు అందుకుంటాడు. అసలు ఘట్టం ఇది:

“ఏదీ, ఎలా ఆడతావో చూడనీ” అంటూ తాతయ్య మంచం మీద పక్కకి జరిగాడు. కార్తీక్ ఫోను అడ్డంగా పట్టుకున్నాడు. తుపాకీ పేలిన ప్రతిసారీ వాడి ఎడమ బొటనవేలు పైకి లేచి, తెర మీద ఎడమవైపున్న బటన్ని నొక్కుతోంది.
“అందరూ ఇలాగే కాలుస్తార్రా?”
“లేదు తాతయ్యా. మావాళ్లంతా కుడిచేత్తోనే.”
“అయితే నీ పేరు ఎప్పుడో పెట్టేశారు. సవ్యసాచి.”
“అంటే?”
“ఎడమచేత్తో కూడా గురి తప్పనివాడు.”

నా సందేహాలు రెండు. నిఘంటువులో సవ్యం అంటే ఎడమ అని ఉంది. మనమేమో ‘సవ్యంగా ఉండు’ అంటే సరిగ్గా ఉండమని అర్థం చేసుకుంటాం. తాతయ్య చెప్పిన అర్థం పాఠకుడికి తిరకాసుగా ఉంటుందా? రెండోది, పిల్లాడు ఆ పేరుని తెలుగు లిపిలో రాసుకోవచ్చా?

గంగాధర్:
మంచి పేరమ్మా. కానీ ‘స’ అక్షరం ఏ నక్షత్రానికి వస్తుందో చూసుకున్నారా? మా తమ్ముడి మనవడి బారసాల వచ్చే నెల, మేమూ ఇదే వెతుకులాటలో ఉన్నాం. నాలుగక్షరాల పేరు పిలవడానికి బరువేమో.

పద్మజ:
గంగాధర్ గారూ, ఇది బారసాల పేరు కాదండీ, ఫోను ఆటలో పెట్టుకునే పేరు. అయినా పిలవడానికి బరువన్న మాట నాకు పనికొస్తుంది.

వెంకట్:
తాతయ్య తప్పు చెబుతున్నాడు. సవ్యం అంటే కుడే. బళ్లో గడియారం ముల్లు తిరిగే దిక్కుని సవ్యదిశ అని చెప్పారు, ఎదురుదిక్కు అపసవ్యదిశ. ఇంకోటి, పిడుగులు పడేటప్పుడు పెద్దవాళ్లు చదివే “అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ” అన్నవే ఆ పది పేర్లు. తాతయ్య చేత వాటినే చదివించండి.

శాస్త్రి:
వెంకట్ గారు చెప్పింది సగం నిజం. సవ్యదిశ మాట వాడుకలో ఉంది, కాదనను. కానీ సంస్కృతంలో సవ్యానికి మొదటి అర్థం ఎడమే. మరి మనకది ‘సరైనది’ ఎలా అయింది? జంధ్యం దగ్గర చూడండి. ఎడమ భుజం మీద నుంచి కుడిచేతి కిందికి వేసుకుంటే సవ్యం. మామూలు రోజుల్లో, దేవకార్యాల్లో అలాగే ఉంటుంది. పితృకార్యం వచ్చినప్పుడు కుడి భుజం మీదికి మారుస్తారు, అది అపసవ్యం. ఎప్పుడూ ఉండే తీరు సవ్యం, తిరగేసింది అపసవ్యం అని మన చెవికి అలవాటైపోయింది. ‘సవ్యంగా’ అన్న మాటకి ఈ అలవాటు బాగా బలమిచ్చిందని నా అభిప్రాయం. అక్కడ కూడా లెక్క ఎడమ భుజంతోనే మొదలైందని గమనించండి.

సవ్యసాచి అర్థానికి నిఘంటువుదాకా పోనక్కర్లేదు, అర్జునుడే చెప్పుకున్నాడు. గాండీవం లాగడంలో నా రెండు చేతులూ దక్షిణమైనవే, అందుకే నన్ను సవ్యసాచి అంటారు అని. దక్షిణం అంటే కుడి అనీ, నేర్పుగలది అనీ రెండర్థాలున్నాయి కాబట్టి ఆ మాట అక్కడ భలే కుదిరింది. అంటే ఎడమచేతివాటం వాడని కాదు, ఎడమచెయ్యి కూడా కుడిచేతితో సమానంగా పనిచేసేవాడని. మీ తాతయ్య మాటలో ఆ ‘కూడా’ అన్నది చాలా ముఖ్యం, ఎక్కడా జారిపోనివ్వకండి.

పది పేర్ల సంగతి. సంస్కృత విరాటపర్వంలో ఉత్తరుడికి చెప్పిన వరుస: అర్జున, ఫల్గున, జిష్ణు, కిరీటి, శ్వేతవాహన, బీభత్సు, విజయ, కృష్ణ, సవ్యసాచి, ధనంజయ. పిడుగుల వేళ చదివే వరుసలో జిష్ణు ఉండాల్సిన చోట పార్థ వచ్చింది. జనం నోట్లో అదే నిలిచింది, దాన్ని తప్పనలేం. కానీ తెలుగు మాస్టారి చేత విరాటపర్వం అని చెప్పిస్తున్నారు గనక జిష్ణు ఉండాలి.

వెంకట్:
జంధ్యం లెక్క ఒప్పుకుంటాను. కానీ పేపర్లో ‘సాహితీ సవ్యసాచి’ అని రాస్తే ఎవరికీ ఎడమచెయ్యి గుర్తురాదు కదా. నాలుగు రకాల రచనలు చేసినవాడనే అనుకుంటారు. మీ పాఠకుడూ ‘అన్నీ వచ్చినవాడు’ అనే చదువుకుంటాడు.

శాస్త్రి:
అది నిజమే. ఆ అర్థం ఇప్పుడు బలంగా ఉంది. అందుకే చెయ్యి చూపించే వాక్యం పేరు కంటే ముందే రావాలి. పద్మజ గారు అలాగే రాశారు.

ఇర్ఫాన్:
చెయ్యి దగ్గరే చిక్కుంది. ఈ ఆట ఆడే పిల్లలు చదివితే ఆ వాక్యం దగ్గరే ఆగిపోతారు.

ఎడమ బొటనవేలు జాయ్‌స్టిక్ మీద ఉంటుంది, మనిషిని నడిపించేది అదే. ఆ వేలు పైకి లేచి ఫైర్ నొక్కిందంటే ఆ క్షణం మనిషి నిలబడిపోతాడు. ఎదురుగా ఉన్నవాడికి కదలని తల దొరికినట్టే. అలా ఆడేవాడు టోర్నమెంటులో మొదటి ఎదురుకాల్పులకే పోతాడు. ఎడమవైపు కాల్చేవాళ్లు బొటనవేలిని జాయ్‌స్టిక్ మీదే ఉంచి, ఎడమ చూపుడువేలిని ఫోను పై అంచు మీద నుంచి వంచి ఫైర్ నొక్కుతారు. కుడి బొటనవేలు గురి తిప్పడానికి. మొత్తం మూడు వేళ్లు, దీన్ని క్లా అంటారు. ముందు సెట్టింగ్స్‌లో ఎడమ ఫైర్ బటన్ ఆన్ చేసుకోవాలి, ఆ తర్వాత దాన్ని చూపుడువేలికి అందేలా పై మూలకి జరుపుకోవాలి. తాతయ్య కంటికి ఆ వంగిన చూపుడువేలే వింతగా కనపడాలి.

శాస్త్రి గారు చెప్పిన ‘రెండు చేతులూ’ అన్నదీ ఇందులోనే దొరుకుతుంది. తలకి కొట్టాలంటే కుడివైపు ఫైర్ బటన్ని నొక్కి పైకి లాగుతారు, డ్రాగ్ హెడ్‌షాట్ అని పిల్లలందరికీ తెలుసు. కార్తీక్ పరిగెడుతూ ఎడమచేత్తో కాలుస్తాడు, డ్రాగ్ అవసరమైనప్పుడు కుడిచేత్తో లాగుతాడు. అప్పుడు నిజంగానే సవ్యసాచి. తాతయ్య ఈ రెండూ చూశాకే పేరు చెబితే బాగుంటుంది.

ఇక లిపి. ఫ్రీ ఫైర్‌లో పేరు 12 అక్షరాలు దాటకూడదు. SAVYASACHI పది, పడుతుంది. తెలుగులో మన కంటికి నాలుగక్షరాలే కానీ యూనికోడ్‌లో స, వ, పొల్లు, య, స, దీర్ఘం, చ, గుడి అని ఎనిమిది సంకేతాలు. సంఖ్యతో పెద్ద ఇబ్బంది లేదు, కనపడే తీరుతోనే ఇబ్బంది. తెలుగు లిపిని సరిగా అల్లలేని ఆటల్లో వత్తు విడిపోయి ‘వ్ య’ అని రెండు ముక్కలు కనపడతాయి, లేదా ఖాళీ డబ్బాలు వస్తాయి. కొన్ని కీబోర్డులు మధ్యలో కనపడని సంకేతం ఒకటి చేరుస్తాయి. అప్పుడు ఫారంలో పేరూ ఆటలో పేరూ చూపుకి ఒకటే, పోల్చితే మాత్రం వేరు. నిర్వాహకులు గది తెరిచి జాబితాతో పేర్లు సరిచూసేటప్పుడు తేడా వస్తే బయటికి పంపేస్తారు. అందుకే పేరుతో పాటు అంకెల్లో ఉండే ఐడీ కూడా రాయాలి. పేరు మారినా ఆ ఐడీ మారదు.

పద్మజ:
ఇర్ఫాన్, చూపుడువేలు సంగతి నాకు తట్టనే లేదు. మార్చేస్తాను. SAVYASACHI ఇప్పటికే వేరేవాళ్లు తీసేసుకుని ఉంటే?

ఇర్ఫాన్:
తీసుకునే ఉంటారు. పిల్లలు అప్పుడు చివర I తీసేసి చిన్న l పెడతారు, లేదా కనపడని ఖాళీ ఒకటి ఇరికిస్తారు. రెండూ చెడ్డవే, నిర్వాహకుడు చేత్తో టైపు చేస్తే పేరు దొరకదు. దీర్ఘం చూపిస్తూ SAVYASAACHI అని రాస్తే పదకొండు. పైగా వ్యాఖ్యానం చేసేవాడు ‘సవ్య సచ్చి’ అనకుండా ‘సాచి’ అంటాడు. కాకపోతే జట్టు గుర్తు చేర్చడానికి ఇంక ఒక్క అక్షరమే మిగులుతుంది.

లలిత:
అందరూ సవ్యసాచినే పట్టుకున్నారు. నన్నడిగితే పిల్లాడు కోరుకున్న పేరే మెరుగు, కాస్త సరిచేస్తే చాలు. బీభత్సం కాదు, బీభత్సు. యుద్ధం చేస్తూ ఎన్నడూ రోత పని చెయ్యను, అందుకే నన్ను బీభత్సుడంటారు అని అర్జునుడే చెప్పాడు. తెలుగులో బీభత్సం అంటే విధ్వంసం, ఈ పేరులో అర్థం దానికి ఎదురు. హ్యాకులు వాడి గెలిచేవాళ్ల మధ్య మొదటిసారి ఆడబోయే పిల్లాడికి ఇంతకంటే మంచి పేరేముంది? BEEBHATSU తొమ్మిదే, జట్టు గుర్తుకి మూడు అక్షరాలు మిగులుతాయి కూడా. తాతయ్య వాడి కోరిక కాదనకుండా చివర ఒక్క అక్షరం మార్చినట్టవుతుంది.

ఇంకో జాగ్రత్త. ఆ పది పేర్లు వినేది ఉత్తరుడు. అంతకుముందు అంతఃపురంలో కోతలు కోసి, కౌరవ సేనని చూడగానే రథం దిగి పరిగెత్తినవాడు. ‘ఉత్తరకుమార ప్రగల్భాలు’ అన్న మాట తెలియని తెలుగు ఇల్లు లేదు. మొదటి పోటీకి వెళ్లేవాడికి ఆ ఘట్టం మొత్తం చెబితే, నన్ను పిరికివాణ్ని అంటున్నావా అని చిన్నబుచ్చుకుంటాడు.

శాస్త్రి:
చిన్నబుచ్చుకోనివ్వండి, కథకి అదే బలం. ఉత్తరుడు పరిగెత్తినా మళ్లీ రథమెక్కాడు, అర్జునుడికి సారథ్యం చేశాడు. తిక్కన గారు ఆ భయాన్నీ తర్వాతి ధైర్యాన్నీ రెండింటినీ చూపించారు. బీభత్సు విషయంలో లలిత గారి అర్థం సరైనదే. కానీ మైకులో ఆ పేరు వినగానే జనం ‘బీభత్సం’ అనే అనుకుంటారు. అర్థం తెలిసేది తాతకీ మనవడికీ మాత్రమే.

లలిత:
ఇద్దరికే తెలిస్తే తప్పేముంది? సవ్యసాచి విన్నా జనం ‘అన్నీ వచ్చినవాడు’ అనే అనుకుంటారని వెంకట్ గారు పైన చెప్పారుగా.

గంగాధర్:
మా వాడికి కిరీటి బాగుందనిపిస్తోంది. ఇంద్రుడిచ్చిన కిరీటం కదా, మూడే అక్షరాలు.

ఇర్ఫాన్:
ఆటకీ అదే తేలిక గంగాధర్ గారూ. ఎదురుకాల్పుల మధ్య జట్టువాళ్లు మైకులో నాలుగక్షరాలు పలకరు, ‘సవ్యా, వెనక్కి రా’ అంటారు. శాస్త్రి గారూ, అలా కుదిస్తే ‘ఓయ్ ఎడమా’ అని పిలిచినట్టు అవుతుందా?

శాస్త్రి:
సంస్కృతంలో అంతే. తెలుగు చెవికి మాత్రం అలా వినపడదనుకుంటాను.

పద్మజ:
అయితే ఫారం నింపేలోపు బీభత్సు, సవ్యసాచి రెండిటి మీదా తాతామనవళ్ల చేత వాదన పెట్టిస్తాను. జిష్ణు చేరుస్తాను, వేలు మారుస్తాను. చివరికి ఏది రాస్తాడో ఇంకా తేల్చుకోలేదు. BEEBHATSU కూడా ఎవరో తీసేసుకుని ఉంటారా ఇర్ఫాన్?