అప్‌డేట్: ఆసుపత్రి బిల్లులో రెండుసార్లు పడ్డ లైన్లు

మొదట రాసింది: "నాన్న డిశ్చార్జి బిల్లు ఇది." కింద ఫోటో, అంతే.

అప్‌డేట్: ఫోటోలో ఉన్నది టోటల్స్ బిల్లు. ల్యాబ్‌కి ఒక అంకె, మందులకి ఒక అంకె ఉంటే ఏది రెండుసార్లు పడిందో ఎవరూ చెప్పలేరు. తేదీల వారీగా వివరాలున్న బిల్లు అడిగి తీసుకున్నాకే పని మొదలైంది.

అందులో 12వ తేదీన సీబీసీ రక్తపరీక్ష రెండుసార్లు ఉంది. పేరు రెండుసార్లు కనపడగానే తప్పని తేల్చేయకూడదు. రక్తం ఎక్కించాక మళ్లీ ఆ పరీక్ష చేయడం మామూలే. ల్యాబ్ రిపోర్టుల మీద శాంపిల్ నంబరు, తీసిన సమయం చూడాలి. ఇక్కడ ఒకటి ఉదయం 6కి, ఇంకోటి సాయంత్రం 5కి, నంబర్లు వేరు. రెండూ సరైనవే.

బెడ్ అద్దె దగ్గర మాత్రం తప్పు దొరికింది. 13న మధ్యాహ్నం ఐసీయూ నుంచి వార్డుకి మార్చారు. ఆ ఒక్క తేదీకే రెండు బెడ్ల అద్దె పూర్తిగా వేశారు. కేస్ షీట్‌లో మార్చిన సమయం చూపించి, మీ లెక్కలో రోజు ఎన్నింటికి మారుతుందని బిల్లింగ్‌లో రాతపూర్వకంగా అడిగితే వార్డు లైను తీసేశారు.

మందుల్లో, వాడకుండా తిరిగిచ్చిన 4 ఇంజెక్షన్లు మైనస్‌లో రాలేదు. దానికి రుజువు ఫార్మసీ రిటర్న్ స్లిప్పే (చిన్న కాగితమని పారేస్తారు చాలామంది). ఆ స్లిప్ నంబరు చెప్పాక తగ్గించారు.